చివరి మిల్లీమీటరు

పిన్ను పెట్టాక కూడా పాట ఫోను స్పీకర్లోంచే వస్తోందంటే చాలామంది ముందు అనుమానించేది ఇయర్‌ఫోన్స్‌నే. కొత్తవి కొంటారు. అవీ పలకవు. అప్పుడు అనుమానం ఫోను మీదికి మళ్లుతుంది. ఆపి ఆన్ చేస్తారు, సెట్టింగులన్నీ తిరగేస్తారు, ఎవరో చెప్పారని ఫోనులో ఉన్నదంతా చెరిపేసి మళ్లీ మొదటినుంచీ పెట్టుకుంటారు. దాచుకోని ఫొటోలు పోతాయి, స్పీకరు మాత్రం మోగుతూనే ఉంటుంది. ఇదంతా జరుగుతున్నంతసేపూ అసలు కారణం పిన్ను పెట్టే కన్నం అడుగున గట్టిగా అణిగిపోయి ఉంటుంది. అది జేబు బట్ట రాల్చిన నూగు.

అంత చిన్న నూగు ముద్ద అంత పెద్ద ఫోనుని ఎలా తప్పుదోవ పట్టిస్తుందో తెలియాలంటే పిన్ను సంగతి కాస్త తెలియాలి. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు ఒక లైను తీసి ఇంకో లైనుకి కలపడానికి వాడిన పావు అంగుళం పిన్నుకి ఇది చిన్న రూపం. 1979లో వాక్‌మన్ వచ్చాక 3.5 మిల్లీమీటర్ల ఈ పిన్ను ఊరూరా జనం జేబుల్లోకి చేరింది. దాని పొడవు సుమారు 14 మిల్లీమీటర్లు. మైకు ఉన్న ఇయర్‌ఫోన్స్ పిన్ను చూడండి, మూడు సన్నని చుట్లు దాన్ని నాలుగు ముక్కలుగా విడదీస్తాయి. కొస ఎడమ చెవికి, దాని పక్క ముక్క కుడి చెవికి, మిగతా రెండూ గ్రౌండుకీ మైకుకీ. కన్నంలో ఒక్కో ముక్కకి ఎదురుగా ఒక్కో స్ప్రింగు రేకు ఉంటుంది. చాలా ఫోన్లలో వీటితోపాటు లోపలి చివర, పిన్ను కొస వచ్చి ఆగే చోట, ఇంకో రేకు ఉంటుంది. పిన్ను వచ్చిందీ లేనిదీ ఫోనుకి చెప్పేది అదే.

ఫోను చెవిలో పెట్టుకున్నవాటిని చూడదు. ఆ రేకు కదిలిందా లేదా అన్నదొక్కటే చూస్తుంది. కదిలితే పైన హెడ్‌ఫోను బొమ్మ వెలుగుతుంది, స్పీకరు ఆగుతుంది, శబ్దం వైరులోకి పోతుంది. కదలకపోతే దాని లెక్కలో పిన్ను పెట్టనట్టే. వెనకటి ట్రాన్సిస్టర్ రేడియోల్లో పిన్ను దూరగానే రేకు లేచి స్పీకరుకి పోయే తీగే తెగేది. ఇప్పుడు ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తోంది, కానీ అది కూడా రేకు చెప్పే మాట మీదే ఆధారపడుతుంది. కాబట్టి రేకు దగ్గరికి పిన్ను చేరడానికి ఒక్క మిల్లీమీటరు తక్కువైనా చాలు, కథ అక్కడితో ఆగిపోతుంది.

మా పెదనాన్న విషయంలో జరిగింది ఇదే. ఆయన రోజూ నూలు లాల్చీ వేసుకుంటారు, ఫోను పక్కజేబులో తలకిందులుగా పడేస్తారు. ఆ ఫోనుకి కన్నం పైఅంచున ఉంది. అంటే రోజంతా అది జేబు అడుగున, నూగంతా చేరే మూలలోనే ఉంటుందన్నమాట. రాత్రిపూట పెద్దమ్మ నిద్ర చెడకుండా చెవిలో పెట్టుకుని పాత రేడియో నాటకాలు వినడం ఆయన అలవాటు. పిన్ను పెట్టిన ప్రతిసారీ లోపల ఉన్న నూగుని ఆయన తెలియకుండానే అడుగుకి దట్టించారు. వదులుగా ఉన్న పోగులు నెలల తరబడి అలా అణిగి గట్టి బిళ్లలా తయారయ్యాయి.

"ఒరేయ్, పాటలో గొంతు వినబడటం మానేసిందిరా, వాయిద్యాలే వస్తున్నాయి" అని ఆయన ముందే ఒకసారి అన్నారు. అది మంచి ఆనవాలు. పిన్ను పూర్తిగా దిగక గ్రౌండు ముక్క సరిగ్గా తగలనప్పుడు రెండు చెవులకీ వెళ్లేది కుడిఎడమల శబ్దాల తేడా మాత్రమే. గాయకుడి గొంతుని సాధారణంగా రెండు వైపులా సమానంగా రికార్డు చేస్తారు కాబట్టి ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని గొంతు మాయమవుతుంది. పక్కకి ఉన్న వాయిద్యాలు, ప్రతిధ్వని మిగులుతాయి. కొన్నాళ్లకి పిన్నుని వేలితో నొక్కి పట్టుకుంటేగాని పలకని దశ వచ్చింది. ఆ తర్వాత నొక్కినా లాభం లేకపోయింది. రిపేరు షాపులో చూపిస్తే లోపల బోర్డు మార్చాలన్నారట. ఆ ఖర్చుకి భయపడి ఆయన నాటకాలు వినడమే మానేశారు. అది విన్నప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది.

చూసుకోవలసింది వరసగా ఇదీ. ముందు బ్లూటూత్ ఆపేయాలి, వెనక కవరు తీసేయాలి. మందమైన కవరు కూడా పిన్నుని ఆ చివరి మిల్లీమీటరు దిగనివ్వదు. అవే ఇయర్‌ఫోన్స్‌ని ఇంకొకరి ఫోనుకి పెట్టి చూడాలి. అక్కడ పలికితే వాటి తప్పు లేదు. తర్వాత రెండు ఫోన్లలోనూ పిన్ను ఎంత లోపలికి పోయిందో పక్కపక్కన పెట్టి పోల్చాలి. బాగున్న ఫోనులో చివర టక్కుమని కూర్చుని పిన్ను మొదలు ఫోను అంచుకి ఆనుకుంటుంది. పెదనాన్న ఫోనులో ఆ టక్కు లేదు, లోహం సన్నగా మెరుస్తూ బయటికి కనబడింది. టార్చి వేసి లోపలికి చూస్తే అడుగున తెల్లటి మెత్త.

తీయడానికి వెదురు పళ్లపుల్ల చాలు. ఫోను స్విచాఫ్ చేసి, పుల్ల కొసని బ్లేడుతో సన్నగా చెక్కి, కన్నం కిందికి ఉండేలా ఫోనుని పట్టుకోవాలి. మధ్యలో పొడిస్తే నూగు ఇంకా దిగబడుతుంది. గోడ వెంబడి అడుగుదాకా జార్చి, బిళ్ల అంచు కింద దూర్చి, మెల్లగా తిప్పుతూ బయటికి లాగాలి. రేకులు ఉన్నది గోడలకే కాబట్టి చేతిలో బలం ఉండకూడదు. నేను అలా చేస్తే మొదట ఏమీ రాలేదు. తర్వాత రెండు పోగులు వచ్చాయి, ఆ తర్వాత కందిబద్దలో సగం ఉండే తెల్లటి మెత్త ఒకటి, లాల్చీ రంగులోనే. ఫోను ఆన్ చేసి పిన్ను పెడితే టక్కుమంది, పైన హెడ్‌ఫోను బొమ్మ వచ్చింది. "ఇంతేనా?" అన్నారు పెదనాన్న, ఆ మెత్తని అరచేతిలో వేసుకుని.

పిన్నీసుతో, గుండుసూదితో మాత్రం వద్దు. రేకు వంగితే అప్పుడు నిజంగానే రిపేరు తప్పదు. ఇయర్‌బడ్ ఆ కన్నానికి లావు, పైగా దాని దూదే లోపల మిగులుతుంది. నోటితో ఊదితే తడి చేరుతుంది. పంక్చర్ షాపు గాలిలో నీళ్లు, నూనె తుంపరలు ఉంటాయి, ఒత్తిడి కూడా మరీ ఎక్కువ. శబ్దాన్ని బలవంతంగా ఇయర్‌ఫోన్స్‌కి మళ్లించే యాప్‌లు ఉన్నాయి. అవి పిన్నుని లోపలికి దింపలేవు కాబట్టి వచ్చినా శబ్దం సరిగ్గా రాకపోవచ్చు. కన్నం శుభ్రంగా ఉండి, పిన్ను టక్కుమని కూర్చుని, అయినా బొమ్మ రాకపోతే అప్పుడు రేకు వంగిందనో, చెమటకి చిలుము పట్టిందనో అనుకోవచ్చు. అది షాపు పనే.

ఇక మీదట జేబులో కన్నం పైకి ఉండేలా ఫోను పెట్టుకోమని పెదనాన్నకి చెప్పాను. దుమ్ము పోకుండా కన్నంలో బిగించే రబ్బరు మూతలు అమ్ముతారు. కొనేటప్పుడు పొట్టివి చూసి కొనాలి. పిన్నంత పొడుగున్న మూత అడుగు రేకుని నెట్టేస్తుంది, ఫోను ఇయర్‌ఫోన్స్ వచ్చాయనుకుంటుంది, స్పీకరు మూగబోవచ్చు.