ముహూర్తం ఆగదు, లైవ్ ఆగుతుంది

పెళ్లింట్లో పందిరి దగ్గర్నుంచి పాయసం దాకా ప్రతి పనికీ ఒక పెద్దమనిషి ఉంటాడు. లైవ్ పని మాత్రం కుర్రాళ్ల నెత్తిన పడుతుంది, అదీ ముందురోజు సాయంత్రం. "డల్లాస్‌లో అత్తయ్యావాళ్లు చూడాలిరా, యూట్యూబ్‌లో పెట్టెయ్" అంటారు. కుర్రాడు శనివారం ఆరింటికి కొత్త ఛానల్ తెరిచి, Go live నొక్కి, ఫోన్ నంబరుకి వచ్చిన కోడ్ కొడతాడు. అప్పుడు తెర మీద కబురు: లైవ్ సదుపాయం రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. ముహూర్తమేమో ఆదివారం ఉదయం తొమ్మిదీ నలభైకి!

ఎన్నిసార్లు నొక్కినా గడువు తగ్గదు. ఛానల్ పాతదైతే చాలనుకోవడమూ పొరపాటే. అయిదేళ్ల నుంచి వీడియోలు పెడుతున్నా, లైవ్ అడగడం ఇదే మొదటిసారైతే లెక్క అడిగిన క్షణం నుంచే మొదలవుతుంది.

మామూలు వీడియోకి లేని ఈ నిరీక్షణ లైవ్‌కెందుకు? ఎక్కించిన వీడియోని జనం చూడకముందే కాపీరైట్ ఉన్న వాటితో పోల్చి చూసే వీలుంది. లైవ్‌లో ఆ వ్యవధి లేదు. జరిగింది జరిగినట్టే జనంలోకి పోతుంది. క్రికెట్ మ్యాచ్‌ని దొంగతనంగా ప్రసారం చేసేవాణ్ణి చూడండి. ఒక ఛానల్ మూయిస్తే పది నిమిషాల్లో ఇంకోటి తెరుస్తాడు. మధ్యలో ఒక రోజు అడ్డం పెడితే మ్యాచే అయిపోతుంది. పైగా ఒక ఫోన్ నంబరుతో ఏడాదికి రెండు ఛానళ్లనే ధ్రువీకరించుకోవచ్చు కాబట్టి, పారేసే ఛానళ్లు పుట్టించడం ఖరీదవుతుంది. ఆ దొంగకి ప్రతిసారీ పడే జరిమానాని పెళ్లివారు ఒక్కసారి కడతారు. ఒకసారి లైవ్ వచ్చాక మళ్లీ ఎదురుచూపు ఉండదు.

గడువు తీరినా ఇంకో గడప ఉంది. ఫోన్‌లోని యాప్ నుంచి లైవ్ ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి. ల్యాప్‌టాప్ వెబ్‌క్యామ్‌తోనో, ఓబీఎస్ లాంటి సాఫ్ట్‌వేర్‌తోనో ఇస్తే ఆ లెక్క లేదు. సదుపాయం వచ్చిందో లేదో తెలియాలంటే 'ప్రైవేట్' అని పెట్టి రెండు నిమిషాలు ప్రసారం చేసి చూడటమే.

ఇంతకీ ఆ కుర్రాడేం చేయాలి? ఇప్పటికే లైవ్ ఉన్న బంధువుల ఛానల్‌ని అడగాలి. ఫొటోగ్రాఫర్లు పెళ్లికో ఛానల్ తెరవకుండా ఒకే ఛానల్‌లో 'అన్‌లిస్టెడ్' లింకులు ఇస్తుంటారు. వాళ్లని అడిగినా పనవుతుంది. మీ ఇంట్లో శుభకార్యం ఉంటే మాత్రం, శుభలేఖలు అచ్చుకిచ్చిన రోజే Go live కూడా ఒకసారి నొక్కి ఉంచండి.