చేతికి తగిలిన నిప్పురవ్వ

విశాఖపట్నానికి దక్షిణాన పరవాడ ప్రాంతంలో మందుల ముడిసరుకు తయారుచేసే కర్మాగారం ఒకటి ఉంది. కంపెనీ పేరు రాయకూడదన్న షరతు మీద నన్ను లోపలికి రానిచ్చారు. అక్కడ నిప్పు అంటుకోలేదు, ఎవరికీ గాయం కాలేదు. రాత్రి షిఫ్టులో పనిచేసే ఒక కాంట్రాక్టు కార్మికుడు తన చేతికి చిన్న నిప్పురవ్వ తగిలిందని తనంతట తాను వెళ్లి చెప్పాడు. ఆ మాట తర్వాత యాజమాన్యం ఏం చేసింది, అంతకుముందు అలాంటి మాటలు ఎందుకు బయటికి రాలేదు అన్నది తెలుసుకోవాలని వెళ్లాను.

సేఫ్టీ ఆఫీసర్ నన్ను ముందు సాల్వెంట్ ఎక్కించే చోటికి తీసుకెళ్లారు. రెండు వందల లీటర్ల ఇనుప డ్రమ్ములో టోలుయిన్ ఉంటుంది. గాలితో నడిచే పంపు దాన్ని గొట్టంలోంచి లాగి పై అంతస్తులోని రియాక్టర్‌లో పోస్తుంది. టోలుయిన్ విద్యుత్తును దాదాపుగా పోనివ్వదు. అందుకే గొట్టంలో పరుగెత్తేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు ఎటూ పోలేక ద్రవంలోనూ డ్రమ్ము మీదా పేరుకుంటుంది. దాన్ని భూమిలోకి పంపడానికి డ్రమ్ముకు ఒక ఎర్తింగ్ క్లిప్పు తగిలిస్తారు. ఆ క్లిప్పు సరిగ్గా పట్టకపోతే, మనిషి చెయ్యి దగ్గరికి వెళ్లగానే చిటుక్కుమని రవ్వ ఎగురుతుంది.

ఆ రవ్వ ఎంత చిన్నదో, ఎంత పెద్దదో ఆవిడ లెక్క చెప్పారు. టోలుయిన్ ఆవిరి అంటుకోవడానికి 0.24 మిల్లీజౌళ్ల శక్తి చాలు. మనిషి చెయ్యి ఒక రవ్వను గుర్తుపట్టాలంటే సుమారు 1 మిల్లీజౌలు ఉండాలి. అంటే చేతికి తెలిసిన రవ్వ ఏదైనా, నిప్పు పుట్టించడానికి కావలసినదానికి నాలుగు రెట్లు ఉన్నట్టే. టోలుయిన్ 4 డిగ్రీల దగ్గరే మండే ఆవిరినిస్తుంది కనుక విశాఖ వాతావరణంలో ఆ ఆవిరి డ్రమ్ము మూతి దగ్గర ఎప్పుడూ ఉంటుంది. గాలిలో దాని పాలు సుమారు 1 శాతం నుంచి 7 శాతం మధ్య ఉన్నచోట రవ్వ పడితే మంట లేస్తుంది. ఆ రాత్రి రవ్వ ఎగిరిన చోట ఆ పాళ్లు కుదరలేదు. కాపాడింది అదే, పద్ధతి కాదు.

ఆ కార్మికుణ్ణి టీ విరామంలో కలిశాను. విజయనగరం వైపు మనిషి. ఆరేళ్లుగా ఇదే పని. "ఇదే మొదటిసారి కాదు సార్. ఏడాది కిందట కూడా ఇలాగే కొట్టింది. అప్పుడు నోరు మూసుకున్నాను. నాకే కాదు, ఇంకో ఇద్దరికీ కొట్టింది" అన్నాడు. ఎందుకు చెప్పలేదని అడిగాను. అతని జవాబులో ఒకటి కాదు, చాలా కారణాలు ఉన్నాయి.

మొదటిది గేటు పాసు. అతనికి జీతం ఇచ్చేది కంపెనీ కాదు, లేబర్ కాంట్రాక్టరు. క్లిప్పు సరిగ్గా పెట్టలేదని కంపెనీ మెమో ఇస్తే, మర్నాడు కాంట్రాక్టరు వేరే మనిషిని పంపుతాడు. "సెబితే పాసు పోద్ది సార్, సెప్పకపోతే ఏటీ అవ్వదు" అని పక్కనే ఉన్న సహచరుడు అన్నాడు. రెండోది నెల బహుమతి. ఏ సంఘటనా నమోదు కాని బ్లాకుకు నెలాఖరున బహుమతి ఇచ్చేవారు. చెప్పినవాడి వల్ల ఇరవై మందికి రావలసినది పోయేది. మూడోది రెండు పేజీల ఇంగ్లీషు ఫారం. అందులో మొదటి గడి 'బాధ్యుడి పేరు'. అన్నిటికంటే బరువైనది చివరగా చెప్పాడు: "ముందు ఒకాయన చెప్పాడు సార్. ఆయనకి మెమో వచ్చింది. క్లిప్పు మాత్రం అలాగే ఉంది."

గాయాలను దాచే పద్ధతి గురించి పాత ఉద్యోగి ఒకరు వివరించారు. 1948 ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షన్ ప్రకారం, గాయపడిన మనిషి 48 గంటలు లేదా అంతకు మించి పనికి రాలేకపోతే ఆ ప్రమాదాన్ని ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాల్సి ఉండేది. అందుకని ఆయన ఇదివరకు పనిచేసిన చోట, వేలు చితికిన మనిషిని కట్టుతోనే మర్నాడు రప్పించి, ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టి హాజరు వేసేవారట. కాగితం మీద గాయం చిన్నదైపోయేది. పైవాళ్లే గాయాన్ని దాచడం కళ్లారా చూసిన కార్మికుడు చిన్న రవ్వ గురించి నిజం చెబుతాడని ఆశించడం అన్యాయం.

మరి ఈసారి అతను ఎందుకు చెప్పాడు? అంతకు కొన్ని నెలల ముందే కంపెనీ రెండు పనులు చేసింది. నెల బహుమతి తీసేసింది. సంఘటన చెప్పిన మనిషిని సేఫ్టీ విభాగం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా మార్చడానికి వీల్లేదని కాంట్రాక్టరు ఒప్పందంలో ఒక షరతు చేర్చింది. ఈ సంగతి షిఫ్టు మొదట్లో అందరికీ తెలుగులోనూ ఒడియాలోనూ చదివి వినిపించారు. అయినా అతను భయపడుతూనే షిఫ్ట్ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లాడు. ఇన్‌చార్జి అడిగిన మొదటి ప్రశ్న "నీకేం కాలేదు కదా?" రెండో ప్రశ్న "ఎక్కడ కొట్టిందో చూపిస్తావా?" క్లిప్పు ఎవరు పెట్టారన్న ప్రశ్న ఆ రాత్రి రానే లేదు.

చూస్తే క్లిప్పు డ్రమ్ముకు తగిలించే ఉంది. కానీ దాని పళ్లు అరిగిపోయి, డ్రమ్ము అంచు మీది మందపాటి రంగును దాటి ఇనుమును తాకడం లేదు. రంగు లేనిచోట ఎందుకు పెట్టలేదు? తీగ అందలేదు. తీగ ఎందుకు అందలేదు? ఏడాదిన్నర కిందట కొత్త తూకం యంత్రం పెట్టినప్పుడు డ్రమ్ములు నిలిపే చోటు రెండు మీటర్లు జరిగింది. తీగ పాతదే ఉండిపోయింది.

ఇక్కడ సేఫ్టీ ఆఫీసర్ చేసిన పనిని వివరంగా రాయాలి, న్యాయమైన విచారణకు అదే ప్రాణం. మిగతా షిఫ్టుల నుంచి ముగ్గురు ఆపరేటర్లను విడివిడిగా పిలిచి, ఏ హెచ్చరికా లేకుండా అదే పని చేసి చూపించమన్నారు. ముగ్గురూ క్లిప్పును రంగు మీదే పెట్టారు. వారిలో ఇద్దరు, హడావిడి ఉన్నప్పుడు అసలు పెట్టమని కూడా ఒప్పుకున్నారు. అంతే శిక్షణ, అంతే అనుభవం ఉన్న మరో మనిషి ఆ స్థానంలో ఉంటే ఏం చేసేవాడు అన్నది ఈ రంగంలో అందరూ వాడే పరీక్ష. ఎవరైనా అదే చేసేవారైతే, ఒక మనిషిని తీసేసినందువల్ల ప్రమాదం తగ్గదు. తీగ పొట్టిగానే ఉంటుంది, కొత్తగా వచ్చినవాడు కూడా రంగు మీదే పెడతాడు.

బ్రిటిష్ మనస్తత్వవేత్త జేమ్స్ రీజన్ 1997లో రాసిన పుస్తకంలో ఈ ఆలోచనకు ఒక రూపమిచ్చారు. అమెరికాలో డేవిడ్ మార్క్స్ దాన్ని మూడు మెట్లుగా విడదీశారు. చెయ్యి జారి జరిగిన పొరపాటుకు ఓదార్పు, పద్ధతిలో దిద్దుబాటు. అందరూ అలవాటుగా తీసుకునే అడ్డదారికి శిక్షణ, ఆ అడ్డదారి అవసరం లేకుండా చేసే ఏర్పాటు. ముప్పు తెలిసీ లెక్కచేయని తెగింపుకు శిక్ష. ఎంత నష్టం జరిగింది అన్నదాన్ని బట్టి కాకుండా, మనిషి ఏం చేశాడు అన్నదాన్ని బట్టి నిర్ణయించాలి. ఆ రాత్రి మంట లేచి ఉంటే కూడా ఆ కార్మికుడు చేసిన పని అదే.

వారంలోగా మార్పులు చేశారు. పొడవైన తీగ వేశారు. రంగును కొరికి ఇనుమును పట్టుకునే గట్టి పళ్ల క్లిప్పు తెచ్చారు. డ్రమ్ముకూ భూమికీ మధ్య నిరోధం 10 ఓమ్‌ల లోపు ఉంటేనే పంపుకు గాలి వదిలే ఇంటర్‌లాక్ పెట్టారు. పచ్చ దీపం వెలిగితేనే పంపు కదులుతుంది. ఈ మార్పులన్నీ ఎవరి మాట వల్ల వచ్చాయో షిఫ్టు సమావేశంలో చెప్పారు, ముందుగా అతని అనుమతి తీసుకునే. ఆ మరుసటి నెలలోనే మరో పది పదిహేను సంగతులు వచ్చాయని ఆవిడ అన్నారు. ఇప్పుడు ఫారంలో మూడే ప్రశ్నలు: ఏం జరిగింది, ఎక్కడ, ఏం మారిస్తే మళ్లీ జరగదు. రాయడం రానివారు ఫోన్లో మాట రికార్డు చేసి పంపవచ్చు.

చెప్పినది చేరవలసిన చోటికి చేరకపోతే ఏమవుతుందో వాళ్ల శిక్షణలో ఒక విమానం కథతో చెబుతారు. 1974 డిసెంబర్ 1న వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయంలో దిగబోతూ టి.డబ్ల్యు.ఎ. 514 విమానం వర్జీనియాలో ఒక కొండను ఢీకొంది. అందులో ఉన్న 92 మందీ చనిపోయారు. అంతకు ఆరు వారాల ముందే యునైటెడ్ ఎయిర్‌లైన్స్ పైలట్లు దిగే సూచనను అలాగే పొరపాటుగా అర్థం చేసుకుని, అదే కొండ నుంచి త్రుటిలో తప్పించుకున్నారు. తమ కంపెనీకి చెప్పారు, ఆ కంపెనీ తన పైలట్లను హెచ్చరించింది. టి.డబ్ల్యు.ఎ. వారికి ఆ కబురు అందలేదు. ఆ తర్వాత అమెరికా విమానయాన శాఖ స్వయంగా నివేదికలు తీసుకోబోతే, లైసెన్సు రద్దు చేసే అధికారం ఉన్నవాళ్లను పైలట్లు నమ్మలేదు. 1976లో ఆ పనిని శిక్షించే అధికారం లేని నాసాకు అప్పగించారు. కావాలని చేయని ఉల్లంఘనను పది రోజుల్లోగా చెబితే సాధారణంగా జరిమానా, సస్పెన్షన్ ఉండవు. పేర్లు తీసేసి పాఠం మాత్రం అందరికీ పంచుతారు. నేరాలకూ, ప్రమాదాలకూ ఈ రక్షణ వర్తించదు.

ఈ కర్మాగారంలోనూ హద్దు ఉంది. ఇంటర్‌లాక్ పెట్టిన తర్వాత, ఎందుకు పెట్టారో శిక్షణలో విన్న ఒక సూపర్‌వైజరు పని త్వరగా అవుతుందని దానికి తీగ ముక్కతో అడ్డదారి కలిపాడు. ఏమీ జరగలేదు. అయినా అతన్ని సస్పెండ్ చేశారు. కార్మికులెవరూ అభ్యంతరం చెప్పలేదు, సమర్థించారు. మనిషికి గాయమైనా, ప్రాణం పోయినా చట్టం తన దారిన వెళుతుందని, అక్కడ కంపెనీ ఎవరికీ అభయం ఇవ్వలేదని కూడా ముందే చెప్పేస్తున్నారు. నిలుపుకోలేని మాట ఇస్తే ఆ తర్వాత ఏ మాటా నమ్మరు.

తప్పటడుగులూ పడ్డాయి. తలా నెలకు రెండు నియర్ మిస్‌లు రాయాలని మొదట్లో కోటా పెట్టారు. అప్పుడు వచ్చినవన్నీ 'నేల తడిగా ఉంది', 'బల్బు వెలగడం లేదు' వంటివే. పేరు లేకుండా వేసే పెట్టె పెడితే, జవాబు ఎవరికి చెప్పాలో తెలియక కాగితాలు అలాగే ఉండిపోయాయి. రెండూ తీసేశారు. ఇప్పుడు వాళ్లు నెలనెలా చూసే లెక్కలు మూడు: చెప్పినవాళ్లలో కాంట్రాక్టు కార్మికులు ఎందరు, 'నేను చేశాను' అని తమ పని గురించే చెప్పినవి ఎన్ని, చెప్పిన రోజు నుంచి మరమ్మతు అయ్యేదాకా ఎన్ని రోజులు. ఒక బ్లాకు నుంచి నెలంతా ఏ కబురూ రాకపోతే ఆవిడ అభినందించరు, స్వయంగా అక్కడికి వెళతారు.

కర్మాగారాలు నడిపేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. మొదట చెప్పినవాడికి మీరు ఏం చేస్తారో మిగతా వందమంది చూస్తుంటారు. నెల బహుమతి తీసేయండి, 'బాధ్యుడి పేరు' గడిని కొట్టేయండి, చెప్పినవాడి గేటు పాసుకు రాతపూర్వకంగా పూచీ ఇవ్వండి, వారంలోగా అతనికి జవాబు చెప్పండి. ఇవేవీ పెద్ద ఖర్చు కావు. ఇవి చేయకుండా గోడల మీద ఎన్ని నినాదాలు రాసినా, చేతికి తగిలిన రవ్వ సంగతి మీ దాకా రాదు.