బాడుగకు రెండు గుర్తులు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు బాడుగ ఇళ్లలో ఉండేవాళ్లలో చాలామందికి జీతం ఇప్పుడు బ్యాంకులోనే పడుతుంది. ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ పని మొదలుపెట్టాక ఇలాంటివాళ్లు మరీ పెరిగారు. అయినా నెల మొదటి వారంలో ఏటీఎంకు పోయి నోట్లు తీసి ఇంటి ఓనరు చేతిలో పెట్టే అలవాటు చాలా ఇళ్లలో అట్లే ఉంది. ఓనరమ్మ లెక్కపెట్టుకుని లోపలికి పోతుంది, ఆ నెల బాడుగ తీరిపోతుంది. ఆ డబ్బు ఇచ్చినట్టు ఇద్దరి జ్ఞాపకంలో తప్ప ఇంకెక్కడా గుర్తు ఉండదు. ఈ పరిస్థితిలో బాడుగకున్న మనిషి "ఇకమీదట బ్యాంకులో వేస్తానమ్మా, అందినట్టు నెలనెలా ఒక మాట రాసివ్వండి" అని అడిగితే చాలామంది ఓనర్లకు మనసు చివుక్కుమంటుంది. అడిగినవాళ్లు కూడా సగం అడిగి ఊరుకుంటారు. బ్యాంకులో వేస్తే చాలదా, మళ్లీ చీటీ ఎందుకని వాళ్లకే అనిపిస్తుంది. చాలదనే నేను అంటాను. డబ్బు వెళ్లిందని చెప్పేది ఒకటి, అది దేనికోసం వెళ్లిందో చెప్పేది ఇంకొకటి. బ్యాంకు మొదటిదే చెప్తుంది.

ఒక లెక్క చూద్దాం. నెలకు 7,500 బాడుగ, 40,000 అడ్వాన్సు. మార్చిలో ఇంట్లో ఆసుపత్రి ఖర్చు వచ్చి బాడుగకున్నవాళ్లు 4,000 మాత్రమే యూపీఐలో వేశారు. మిగిలిన 3,500 పది రోజులాగి నోట్ల రూపంలో ఓనరు ఇంట్లో ఇచ్చారు. ఏప్రిల్ నుంచి ప్రతినెలా 7,500 బ్యాంకులో వేస్తూ వచ్చారు, ఏ నెలదో మాత్రం ఎక్కడా రాయలేదు. డిసెంబరులో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరు బ్యాంకు లెక్క ముందు పెట్టి మార్చిలో 3,500 తక్కువ పడిందని అంటాడు. చేతికిచ్చిన సొమ్ము ఆయనకు గుర్తులేదు. బాడుగకున్న మనిషి దగ్గర ఉన్న ఒకే ఆధారం ఆ బ్యాంకు స్టేట్‌మెంటే, అదేమో ఓనరు మాటనే బలపరుస్తోంది. అంతటితో ఆగదు. ఏ నెలకో చెప్పకుండా వేసిన ఏప్రిల్ సొమ్ములో 3,500 మార్చి బాకీకి జమ చేసుకున్నాననీ, ఆ తర్వాత ప్రతినెలా ముందు నెల బాకీ తీరి ఆ నెలది కొంత మిగిలిపోతూ వచ్చిందనీ అంటే, ఎనిమిది నెలల పాటు నెలనెలా బాడుగ ఎగ్గొట్టిన మనిషిలా కాగితం మీద కనబడతాడు. అట్లా జమ చేసుకునే వీలు చట్టంలోనే ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 59వ సెక్షన్ ప్రకారం, వేరువేరు బాకీలు ఉన్న మనిషి ఇచ్చిన సొమ్ము ఏ బాకీకో చెప్పి ఇస్తే, తీసుకున్నవాడు దాన్ని ఆ బాకీకే జమ కట్టాలి. చెప్పకుండా ఇస్తే 60వ సెక్షన్ ప్రకారం ఏ బాకీకి జమ కట్టుకోవాలో తీసుకున్నవాడి ఇష్టం. ఫోన్లో డబ్బు పంపేటప్పుడు కింద ఖాళీగా వదిలేసే ఆ చిన్న గడిలో "ఏప్రిల్ బాడుగ" అని రెండు మాటలు రాయడానికి ఇంత బరువు ఉందని చాలామందికి తెలియదు.

గడిలో రాసింది పంపినవాడి మాట. దానికి ఓనరు ఒప్పుకోలు తోడైతేనే లెక్క గట్టిపడుతుంది. అందుకు ముద్ర కాగితాలేవీ అక్కర్లేదు. డబ్బు వేసిన రోజే "అమ్మా, ఏప్రిల్ బాడుగ 7,500 మీ అకౌంటులో వేసినాను, కరెంటు బిల్లు వేరుగా కట్టినాను, పాత బాకీ ఏమీ లేదు. అందినట్టు చెప్పండి" అని వాట్సాప్‌లో పెట్టి, దాని కిందే యూపీఐ నంబరు కనబడే స్క్రీన్‌షాట్ ఉంచితే, అటునుంచి "ఏప్రిల్ బాడుగ అందింది" అని వచ్చే జవాబే రశీదు. ఆ జవాబులో నెల పేరు ఉండాలి. బొటనవేలి బొమ్మ పెడితే మెసేజ్ చూసినట్టు తెలుస్తుందేమో గానీ, ఏప్రిల్ లెక్క తీరిందని ఒప్పుకున్నట్టు కాదు. పాత బాకీ లేదన్న మాట నెలనెలా రాయడం చాదస్తంలా కనిపించవచ్చు. పై లెక్కలో 3,500 తగాదా డిసెంబరు దాకా పోకుండా ఏప్రిల్‌లోనే ఆపగలిగేది ఆ మాటే. ఇంకొక జాగ్రత్త, డబ్బు ఎవరి ఖాతాలో పడుతోందన్నది. బెంగళూరులో ఉన్న కొడుకు నంబరుకు వేయమని ఓనరు నోటిమాటగా చెప్తాడు. తండ్రీకొడుకులకు పడనినాడు "మా నాన్న బాడుగ నాకెందుకు పంపుతాడు, నా దగ్గర తీసుకున్న చేబదులు తీర్చినాడు" అని కొడుకు అంటే తిప్పికొట్టడం కష్టం. ఎవరి పేర అగ్రిమెంటు ఉందో వాళ్ల ఖాతాలోనే వేయాలి, లేదంటే ఫలానా ఖాతాలో వేయమని వాళ్ల చేతే ఒక్కసారి రాయించుకోవాలి.

ఓనర్ల వైపు నుంచి మొదట వచ్చేది నమ్మకం మాట. ఇన్నేళ్లు లేని చీటీ ఇప్పుడెందుకు, మామీద నమ్మకం లేదా అంటారు. ఆ నొప్పి నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. కానీ పైన చెప్పిన తగాదాలో ఓనరు అబద్ధమాడలేదు. నిజంగానే మరిచిపోయాడు. నాలుగు ఇళ్ల బాడుగ వసూలు చేసే మనిషికి మార్చి పదిహేనున ఎవరు మూడువేల ఐదువందలు ఇచ్చారో డిసెంబరులో గుర్తుండాలనుకోవడం అన్యాయం. అదీగాక ఇల్లు బాడుగకిచ్చిన మనిషి పోయి, కొడుకులో కోడళ్లో లెక్క చూసుకునే రోజు వస్తుంది. వాళ్లకు ఆ పాత నమ్మకంతో పనిలేదు, ఉన్న కాగితంతోనే పని.

రెండో అభ్యంతరం పైకి చెప్పరు గానీ అసలైనది అదే. బ్యాంకులో పడితే ఇన్‌కంట్యాక్స్ వాళ్ల కంట పడుతుందన్న భయం. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ జమలు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వచ్చినప్పుడు, బెంగళూరులో కొన్ని కొట్ల ముందు నగదు మాత్రమే అని బోర్డులు పెట్టారు. సరిహద్దు ఇవతల ఉన్న హిందూపురానికి ఆ భయం చేరడానికి ఎంతసేపు? కానీ ఆ నోటీసులు సరుకు అమ్మేవాళ్ల సంగతి. కుటుంబం ఉండడానికి మామూలు మనిషికిచ్చిన ఇంటి బాడుగ మీద జీఎస్టీ లేదు. ఇక ఆదాయపు పన్ను లెక్క వేసి చూడండి. నెలకు 7,500 చొప్పున ఏడాదికి 90,000. మునిసిపాలిటీకి కట్టిన ఇంటిపన్ను 3,000 అనుకుంటే అది తీసేయగా 87,000. ఇందులో మరమ్మతులు చేయించినా చేయించకపోయినా 30 శాతం, అంటే 26,100 చట్టమే మినహాయిస్తుంది. మిగిలేది 60,900. ఓనరుకు ఏడాదికి మూడు లక్షల పింఛను ఉన్నా మొత్తం 3,60,900. కొత్త పన్ను పద్ధతిలో నాలుగు లక్షల దాకా పన్నే మొదలవదు. 2025 ఏప్రిల్ నుంచి ఇలాంటి ఆదాయం పన్నెండు లక్షల దాకా ఉన్నా రిబేటుతో కట్టాల్సింది సున్నా అవుతుంది, నాలుగు లక్షలు దాటినవాళ్లు రిటర్ను మాత్రం వేయాలి. అంటే ఒకటి రెండు పోర్షన్లు బాడుగకిచ్చే పింఛనుదారు లేని పన్నుకు భయపడి నోట్లు అడుగుతున్నాడు. వరుసగా ఇళ్లు, కొట్లు కట్టి బాడుగలమీదే బాగా సంపాదించేవాళ్లకు ఈ మాట వర్తించదు, వాళ్లకు నిజంగానే పన్ను పడుతుంది. అయితే వాళ్ల పన్ను మిగల్చడం కోసం బాడుగకున్న మనిషి ఆధారం లేకుండా ఎందుకు ఉండాలో నాకు అర్థం కాదు.

మూడోది, రశీదు ఇస్తే ఇంటిమీద హక్కు పుడుతుందన్న నమ్మకం. పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందట అని ఊళ్లో అందరూ అంటారు. ఇది తలకిందులైన భయం. పన్నెండేళ్ల సంగతి ఓనరు హక్కును కాదని, తనదేనని బహిరంగంగా ఆక్రమించి ఉన్నవాడికి వర్తించేది. బాడుగ కడుతూ ఉన్నవాడు ఓనరు అనుమతితో ఉన్నట్టు ప్రతినెలా తానే ఒప్పుకుంటున్నాడు. ఒకరి బాడుగదారుగా ఇంట్లో దిగినవాడు, ఆ ఇంట్లో ఉన్నంతకాలం, తాను దిగేనాటికి ఆ ఓనరుకు హక్కు లేదని వాదించడానికి వీల్లేదని సాక్ష్యాల చట్టం చెప్తూ వచ్చింది. కాబట్టి పన్నెండేళ్ల పాటు నెలనెలా బాడుగ అందినట్టున్న లెక్క ఓనరుకు దొరికే అన్నిటికన్నా గట్టి రక్ష. ఏ కాగితమూ లేకుండా పాతికేళ్లు ఒకరిని ఇంట్లో ఉంచిన ఓనరే నిజంగా భయపడాల్సినవాడు. ఎదుటివాడు తాను బాడుగే కట్టలేదని అంటే, కట్టాడని చూపించడానికి ఆయన దగ్గర ఏముంటుంది?

ఇదంతా ఫోన్లు వచ్చాక పుట్టిన కోరిక అనుకుంటే పొరపాటు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం మునిసిపాలిటీలకు వర్తించింది. బాడుగ గానీ అడ్వాన్సు గానీ కట్టిన ప్రతి మనిషికీ ఓనరు సంతకంతో రశీదు పొందే హక్కు ఉందని అది 8వ సెక్షన్లో రాసింది. ఓనరు బాడుగ తీసుకోనన్నా, తప్పించుకు తిరిగినా, ఏ బ్యాంకులో వేయమంటావో పది రోజుల్లో చెప్పమని నోటీసిచ్చే వీలు అందులో ఉండేది. చెప్పకపోతే మనియార్డరు చేసే వీలూ ఉండేది. బ్యాంకూ రశీదూ రెండూ కావాలన్న ఆలోచన ఆరున్నర దశాబ్దాల కిందటే ఈ రాష్ట్రపు చట్టంలో ఉందన్నమాట. దాని పరిధి మాత్రం చిన్నది. 2005 సవరణ ప్రకారం కార్పొరేషన్లు కాని ఊళ్లలో నెలకు 2,000 దాటిన బాడుగలకు ఆ రక్షణ ఉండేది కాదు. మన లెక్కలోని 7,500 ఇల్లు అందులోకి వచ్చేది కాదు. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా రశీదు హక్కును రాసింది గానీ, నమూనా ఎప్పుడూ రాష్ట్రాలు చట్టంగా తెచ్చుకోవాల్సిందే. కోర్టుకు పోయి సాధించుకునేది కాక, అగ్రిమెంటులో రాసుకునేదే ఈ ఇళ్లకు పనికొస్తుంది.

అందువల్ల అడగాల్సిన సమయం తగాదా వచ్చిన నెల కాదు. పదకొండు నెలల అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు, బాడుగ కొంత పెంచుతానని ఓనరు చెప్పే రోజున, మారుమాటగా ఇది అడగడం సుళువు. బాడుగ ఫలానా ఖాతాలో ప్రతినెలా ఐదో తేదీలోగా వేయాలని, వేసిన నెల పేరుతో అందినట్టు ఓనరు రాసివ్వాలని, చేతికి నగదు ఇచ్చిన నెలకు సంతకం చేసిన చీటీ ఇవ్వాలని మూడు వాక్యాలు చేర్చితే సరిపోతుంది. ధర్మవరంలో మగ్గం మీద కూలి నగదుగానే అందుకునే నేతగాడికి బ్యాంకుకు పోయి వేయడం ఒక పూట పని, పని మానితే కూలి పోతుంది. ఆయనకు ఈ మూడో వాక్యమే ముఖ్యం. కార్బన్ కాగితమున్న రశీదు పుస్తకం ఒకటి కొని ఓనరు దగ్గర పెడితే ఆ అవసరం తీరుతుంది. స్మార్ట్‌ఫోను వాడని ముసలి ఓనరమ్మ అయితే, పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకున్నప్పుడు ఆ వరుస పక్కనే నెల పేరు రాసి, బాడుగకున్నవాళ్ల నోటుపుస్తకంలో ఒక సంతకం పెడితే చాలు. ఫోను పోతే మెసేజ్‌లూ పోతాయి కనుక, ఏడాదికొకసారి ఆ సంభాషణను, బ్యాంకు స్టేట్‌మెంటును కాగితం మీద తీసి అగ్రిమెంటుతో కలిపి దాచాలి. ఇల్లు ఖాళీ చేసే రోజున ఈ కట్టను ముందు పెట్టుకుని, అడ్వాన్సు 40,000లో రంగులకెంత, కరెంటుకెంత అని తేల్చుకుని, మిగిలింది ఖాతాకు పంపించి, ఇద్దరి మధ్యా ఇక బాకీ లేదని ఇరువైపులా సంతకం చేశాకే తాళం చేతులు మారాలి.