మిరప చేలో ‘ఎ’, ‘ఆన్’, ‘ది’

2021లో మహబూబాబాద్ మిరప చేలను నల్ల తామర పురుగు పట్టింది. పూతలోకి దూరి రసం పీల్చింది, పూత రాలింది, కాయ నిలవలేదు. థ్రిప్స్ పార్విస్పైనస్ దాని శాస్త్రీయ నామం. మన దేశంలో దాన్ని 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. ఈ సంగతి మీద ఇంగ్లీషులో ప్రాజెక్టు రిపోర్టు రాయమంటే ఇక్కడి పిల్లలు విషయం దగ్గర తడబడరు. తమ ఇంటి చేనే కదా! పెస్ట్ అన్న మాట ముందు ‘ఎ’ పెట్టాలా, ‘ది’ పెట్టాలా, ఏమీ పెట్టకుండా వదిలేయాలా అన్న చోటే కలం ఆగుతుంది. నేను దిద్దే రిపోర్టుల్లో ఎర్ర సిరా ఎక్కువగా ఖర్చయ్యేది ఈ మూడు చిన్న మాటల మీదే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లల రాతల్లో తరచుగా కనిపించే తప్పులన్నీ కలిపి, అభ్యాసం కోసం నేనే ఒక పేరా కట్టాను:

“ఇన్ ది 2021, చిల్లీ క్రాప్ ఇన్ ది మహబూబాబాద్ డిస్ట్రిక్ట్ వాజ్ అటాక్డ్ బై ఇన్వేసివ్ పెస్ట్. సర్వే వాజ్ కండక్టెడ్ ఇన్ విలేజ్. ది క్వశ్చనేర్ వాజ్ గివెన్ టు ఫార్టీ ఫార్మర్స్. ఫ్యూ ఫార్మర్స్ సెడ్ దట్ పెస్ట్ వాజ్ ది కాజ్ ఆఫ్ ది లాస్. ది అగ్రికల్చర్ ఈజ్ మెయిన్ సోర్స్ ఆఫ్ ది ఇన్‌కమ్.”

మనకు ఆర్టికల్స్ లేవు కాబట్టి ఈ తప్పులు వస్తాయని అందరూ అంటారు. అది సగమే నిజం. రైతు ఏమంటాడో వినండి: “దుకాణంలో మందు కొన్న. మందును డ్రమ్ములో కలిపిన.” మొదటి వాక్యంలో మందు కొత్తది, దానికి ఏ తోకా లేదు. రెండో వాక్యానికి వచ్చేసరికి అది మనకు తెలిసిన మందు, అందుకే ‘ను’ వచ్చి చేరింది. తెలిసినదానికీ తెలియనిదానికీ తేడా మన నోట్లో పుట్టుకతోనే ఉంది. అయితే ఆ గుర్తు మనకు కర్మ దగ్గర మాత్రమే పడుతుంది, అదీ ప్రతిసారీ కాదు. “పురుగు పూతను రాల్చింది” అన్నామనుకోండి. పురుగు ఏ పురుగో వినేవాడు సందర్భాన్ని బట్టి తెలుసుకుంటాడు, మాట మీద గుర్తేమీ ఉండదు. ఇంగ్లీషులో ఆ వెసులుబాటు లేదు. వాక్యం మొదట ఉన్నా చివర ఉన్నా, ఒకటిగా లెక్కపెట్టగల ప్రతి నామవాచకం తన సంగతి తాను చెప్పుకోవాలి. పై పేరాలో ‘సర్వే’, ‘చిల్లీ క్రాప్’ వాక్యం మొదట్లో బోసిగా నిలబడింది ఇందుకే. అక్కడ మన చెవికి లోటేమీ తెలియదు.

అందుకని పిల్లలకు నేను సూత్రాల జాబితా ఇవ్వను. పెన్సిల్‌తో ప్రతి నామవాచకం కిందా గీత గీసి, పేరాను పైనుంచి కిందికి చదవమంటాను. ప్రతి గీత దగ్గరా మొదట అడగాల్సింది ఇది: ఈ క్షణాన, ఇంతవరకే చదివిన మనిషికి, ఇది ఏదో తెలుసా? రాసే మనకు తెలియడం లెక్కలోకి రాదు. తెలిస్తే ‘ది’. తెలియకపోతే అప్పుడు రెండో ప్రశ్న: అది ఒకటి, రెండు అని లెక్కపెట్టేదా? లెక్కపెట్టేదై, ఒక్కటే అయితే ‘ఎ’ గానీ ‘ఆన్’ గానీ. బహువచనమైనా, లెక్కపెట్టలేనిదైనా ఏమీ వద్దు.

ఇప్పుడు మన పేరా చూద్దాం. ‘క్వశ్చనేర్’ ముందు ‘ది’ ఎందుకు వచ్చింది? ఆ ప్రశ్నావళి తయారుచేసింది రాసిన పిల్లవాడే. రాత్రంతా కూర్చుని టైపు చేశాడు, బస్సులో మోసుకెళ్లాడు. అతనికి అది ఎంతో తెలిసిన వస్తువు. చదివేవాడు మాత్రం దాన్ని ఇప్పుడే చూస్తున్నాడు. కాబట్టి “ఎ క్వశ్చనేర్”. సర్వే కూడా అంతే, “ఎ సర్వే”. ‘పెస్ట్’ మొదటిసారి వచ్చినప్పుడు “ఆన్ ఇన్వేసివ్ పెస్ట్”, రెండోసారి “ది పెస్ట్”. చిల్లీ క్రాప్ మొదటిసారే వచ్చినా “ది చిల్లీ క్రాప్” అనే అనాలి. ఏ పంటో అదే వాక్యంలో వెనకాలే చెప్పేస్తున్నాం, మహబూబాబాద్ జిల్లాలోది అని. తెలిసినదవడానికి ముందు వాక్యంలో రావాలనే నియమం లేదు. వెంటనే వచ్చే వివరమూ దాన్ని తెలిసినదిగా చేస్తుంది.

రీసెర్చ్ పేపర్లో ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ముందు పెట్టే సారాంశాన్నీ లోపలి పేపర్‌నూ వేర్వేరు రచనలుగా చూడాలి. సారాంశంలో పురుగును పరిచయం చేశాం కదా అని ఉపోద్ఘాతం మొదటి వాక్యంలో “ది పెస్ట్” అంటే కుదరదు. సారాంశం చదవకుండా నేరుగా లోపలికి వచ్చేవాళ్లు ఉంటారు, వాళ్ల కోసం మళ్లీ పరిచయం చేయాలి. పిల్లలు సారాంశాన్ని చివర రాసి ముందు అతికిస్తారు. లోపల అన్నీ తెలిసిపోయాక రాసింది కనుక అందులో ‘ది’లు కుప్పలుగా పడతాయి. దిద్దేటప్పుడు నేను మొదట చూసే చోటు అదే.

‘అగ్రికల్చర్’ ముందు ‘ది’ మన జిల్లాల్లో ఎంతగానో పాతుకుపోయిన అలవాటు. ది అగ్రికల్చర్, ది సొసైటీ, ది నేచర్, ది ఎడ్యుకేషన్ అని రాస్తారు. వ్యవసాయం అంటే ఏదో అందరికీ తెలుసు కదా అన్న తర్కం ఇందులో ఉంది. కానీ ఇక్కడ మాట్లాడుతున్నది మొత్తం వ్యవసాయం గురించి, అందులో ఏదో ఒక ముక్క గురించి కాదు. లెక్కపెట్టలేనిదాన్ని మొత్తంగా చెప్పినప్పుడు ఇంగ్లీషు ఏమీ పెట్టదు. “ది అగ్రికల్చర్ ఆఫ్ తెలంగాణ” అంటే సరే, అక్కడ ముక్క తెగింది. రీసెర్చ్, ఎవిడెన్స్, ఇన్ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్ కూడా లెక్కపెట్టలేనివే. మనం “ఒక పరిశోధన చేశాను” అంటాం, అదే “ఎ రీసెర్చ్” అయి కూర్చుంటుంది. “ఎ స్టడీ” అంటే చాలు.

ఊళ్ల పేర్ల దగ్గర పెద్దగా కష్టం లేదు. జనగామకు, పెంబర్తికి, చెల్పూరుకు ఏమీ వద్దు. నదులకు ‘ది’ కావాలి: ది గోదావరి, ది ఆకేరు. “మహబూబాబాద్ డిస్ట్రిక్ట్” అంటే ‘ది’ లేదు. అయితే 2016 అక్టోబర్ 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు ఏర్పడక ముందటి సంగతి రాస్తే “ది ఎర్స్ట్‌వైల్ వరంగల్ డిస్ట్రిక్ట్” అనాలి. ముందు విశేషణం చేరగానే పేరు మామూలు నామవాచకంలా నడుస్తుంది. కాకతీయ యూనివర్సిటీకి ‘ది’ లేదు, యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌కు ఉంది. ‘ఆఫ్’ కనిపిస్తే ‘ది’ కోసం వెతకండి.

‘ఎ’, ‘ఆన్’ల మధ్య ఎంపిక మాత్రం మన లిపి ఉన్నవాళ్లకు సులువు. ఇంగ్లీషు మాటను తెలుగు అక్షరాల్లో రాసి చూడండి. మొదటి అక్షరం అచ్చు అయితే ‘ఆన్’, హల్లు అయితే ‘ఎ’. భూపాలపల్లి సింగరేణి గనుల మీద రాస్తున్నారనుకుందాం. అండర్‌గ్రౌండ్ మైన్, కార్మికుల యూనియన్, రెండూ ఇంగ్లీషులో ఒకే అక్షరంతో మొదలవుతాయి. తెలుగులో రాస్తే ఒకటి ‘అ’తో, ఒకటి ‘య’తో. కనుక “ఆన్ అండర్‌గ్రౌండ్ మైన్”, “ఎ యూనియన్”. ఎస్‌సీసీఎల్ అని పొట్టిగా రాస్తే ‘ఎ’ అనే అచ్చుతో మొదలైంది కాబట్టి “ఆన్ ఎస్‌సీసీఎల్ మైన్”. అవర్‌కు ‘ఆన్’, వన్‌కు ‘ఎ’. ఒక్క జాగ్రత్త ఉంది: మనం మాట్లాడేటప్పుడు ఎకరాన్ని యెకరం అనీ, ఓపెన్‌కాస్ట్‌ను వోపెన్‌కాస్ట్ అనీ పలుకుతాం. ఆ ‘య’, ఆ ‘వ’ మన నాలుకవి. వాటిని పక్కన పెట్టి “ఆన్ ఏకర్”, “ఆన్ ఓపెన్‌కాస్ట్ మైన్” అనే రాయాలి.

ఇప్పటిదాకా చెప్పినవి తప్పినా చదివేవాడికి అర్థం అందుతుంది. మన పేరాలోని నాలుగో వాక్యం అలాంటిది కాదు, అందులో అర్థమే మారిపోయింది. “ఫ్యూ ఫార్మర్స్ సెడ్” అని రాసిన పిల్లవాడి మనసులో ఉన్నది “కొందరు రైతులు చెప్పారు”. ఇంగ్లీషులో అది “అలా చెప్పినవాళ్లు దాదాపు లేరు” అని పలుకుతుంది. కొందరు అనడానికి ముందు ‘ఎ’ ఉండాలి: ఎ ఫ్యూ. ఒక్క అక్షరం పోయి, ఊరంతా తిరిగి సేకరించిన సాక్ష్యం తలకిందులైంది. ఆ కొందరూ పైన చెప్పిన నలభై మందిలోని వాళ్లే కనుక “ఎ ఫ్యూ ఆఫ్ ది ఫార్మర్స్” అంటే ఇంకా స్పష్టం.

అదే వాక్యంలో “ది కాజ్ ఆఫ్ ది లాస్” చూడండి. వ్యాకరణం ప్రకారం అందులో తప్పు లేదు, అందుకే దిద్దేవాళ్ల కన్ను కూడా దాటిపోతుంది. “ది కాజ్” అంటే నష్టానికి కారణం అదొక్కటే అని. “ఎ కాజ్” అంటే కారణాల్లో అదీ ఒకటని. ఆ పంటకాలంలోనే, 2022 జనవరిలో, ఉమ్మడి వరంగల్ పల్లెల్లో వడగళ్ల వాన పడి మిరప నేలపాలైంది. అలాంటప్పుడు నలభై మంది మాటలు ఆధారంగా చేసుకుని “ది కాజ్” అంటే, మిగతా కారణాలన్నీ పరిశీలించి కొట్టేశానని ఆ పిల్లవాడు తెలియకుండానే సంతకం పెట్టినట్టు. గైడ్ గానీ, పేపర్ పరిశీలించేవాళ్లు గానీ వానల సంగతి ఏమిటని అడిగితే అతని దగ్గర జవాబు ఉండదు. చివరి వాక్యంలో ‘ది’ లేకుండా మిగిలిన “మెయిన్ సోర్స్” సంగతీ ఇంతే. వ్యవసాయమే ముఖ్య ఆధారమని లెక్కలు చూపగలిగితే “ది మెయిన్ సోర్స్” అనాలి, లేకపోతే “ఎ మేజర్ సోర్స్” అనాలి.

పేరా ఇలా తేలింది:

“ఇన్ 2021, ది చిల్లీ క్రాప్ ఇన్ మహబూబాబాద్ డిస్ట్రిక్ట్ వాజ్ అటాక్డ్ బై ఆన్ ఇన్వేసివ్ పెస్ట్. ఎ సర్వే వాజ్ కండక్టెడ్ ఇన్ ఎ విలేజ్ నియర్ ది ఆకేరు. ఎ క్వశ్చనేర్ వాజ్ గివెన్ టు ఫార్టీ ఫార్మర్స్. ఎ ఫ్యూ ఆఫ్ ది ఫార్మర్స్ సెడ్ దట్ ది పెస్ట్ వాజ్ ఎ కాజ్ ఆఫ్ ది లాస్. అగ్రికల్చర్ ఈజ్ ఎ మేజర్ సోర్స్ ఆఫ్ ఇన్‌కమ్ ఇన్ ది విలేజ్.”

ఈ రెండు ప్రశ్నలకు లొంగనివీ కొన్ని ఉన్నాయి. “ఆజ్ ఎ రిజల్ట్”, “ఆన్ ది బేసిస్ ఆఫ్” లాంటివి కట్టగట్టిన మాటలు, వాటిని అలాగే నేర్చుకోవాలి. “ఇన్ ది కేస్ ఆఫ్ చిల్లీ” అంటే మిరప విషయానికొస్తే అని. అందులోంచి ‘ది’ తీసేస్తే, అగ్నిప్రమాదం జరిగితే ఏం చేయాలో గోడ మీద రాసే హెచ్చరికలోని “ఇన్ కేస్ ఆఫ్” అవుతుంది. రిపోర్టుల్లో ఇది పేజీకి ఒకసారైనా తగులుతుంది.