తాళంచెవితో పాటు ఒక కాగితం

కర్నూలులో మా పై వాటాలో ఎవరు అద్దెకు దిగినా, తాళంచెవితో పాటు ఒక కాగితం ఇస్తాను. "కోర్టు నోటీసా?" అని మా ఆవిడ వేళాకోళం.

మొదటి పంక్తిలో కరెంటు మీటరు సర్వీసు నంబరు ఉంటుంది. దీపాలు ఆరితే ముందు వీధిలోకి చూడాలి. పక్కింట్లోనూ చీకటైతే 1912 కి ఫోను చేసి ఆ నంబరు చెప్పాలి. మనకొక్కరికే ఆరితే నన్ను పిలవాలి.

నీళ్ల సంగతికే సగం కాగితం పట్టింది. తుంగభద్ర ఒడ్డునున్నా వేసవిలో ఇక్కడ ప్రతి బిందె లెక్కే మరి! కిందటి వేసవిలో దిగిన కొత్త కోడలు మూడోనాడే వచ్చి, "బాబాయిగారూ, రాత్రి నింపిన ట్యాంకు తెల్లారేసరికి సగమైంది. ఒక్క కుళాయీ కారడం లేదు" అంది.

కాగితంలో రాసినట్లే, పాయిఖానా ఫ్లష్ తొట్టిలో చిటికెడు నీలిమందు కలిపి, అరగంట ఎవరూ వాడవద్దన్నాను. మీట నొక్కకుండానే కింద గిన్నెలోకి నీలం దిగింది! తొట్టి అడుగున రబ్బరు బిళ్ల అరిగి, చప్పుడు లేకుండా నీరు జారిపోతోందన్నమాట. తొట్టికి నీరిచ్చే చిన్న కుళాయి కట్టేసి, సాయంత్రానికి కొత్త బిళ్ల వేయించాను. అలాంటి ఖర్చు ఇంటివాడిదేనని కాగితంలోనే ఉంది. నీలం దిగకపోతే గోడలోని గొట్టాన్ని అనుమానించాలి. అది ప్లంబరు పని.

తడి చెత్త, పొడి చెత్త వేరువేరు బుట్టల్లో ఉంచాలి. పాత బ్లేడ్లు, మందులు వాటిలో కలపరాదు. ఆపద వస్తే 112, అంబులెన్సుకు 108, నిప్పంటుకుంటే 101.

మరమ్మతేదైనా తేదీ వేసి చీటీ రాసిమ్మంటాను. ఆ అమ్మాయి రెండో చీటీ నిన్ననే వచ్చింది: వంటింటి కిటికీ గడియ.