తొందరపెట్టని కృతజ్ఞత



కారంపూడిలో మిరప కోతలు ముగిసే రోజులు. ఒక సోమవారం ఉదయం మా సంఘ యౌవనస్థుడు ఒకడు పార్సనేజీకి వచ్చి, సెల్‌ఫోను నా చేతిలో పెట్టి, "అయ్యగారూ, ఇది పంపమంటారా?" అని అడిగాడు.

ముందురోజు ఆరాధన తరువాత అతడు నరసరావుపేట వెళ్లాడు. ఉభయుల పెద్దలూ ఒప్పుకొని, బంధువుల ఇంట ఆ అమ్మాయితో మాట్లాడేందుకు ఏర్పాటు చేశారు. ఆమె ఆసుపత్రిలో నర్సు. వాళ్ల అక్క వసారాలో కూర్చుంటే, వీరిద్దరూ గదిలో గంటన్నర మాట్లాడుకున్నారట. టీ చల్లారిపోయిందన్న సంగతి కూడా గమనించలేదట. వచ్చేటప్పుడు ఆమే ఫోను నంబరు ఇచ్చింది.

అతడు రాసినది చదివాను. ఫోను నిండా ఉంది. "మీరే నా భార్య అని దేవుడు నాకు బయలుపరచాడు. మా అమ్మ అప్పుడే మిమ్మల్ని కోడలు అంటోంది. ఈ రాత్రికే జవాబు ఇవ్వండి" అని ఉంది.

నాకు నా సంగతి జ్ఞాపకం వచ్చింది. వేదపాఠశాలలో చదివే రోజుల్లో పెళ్లిచూపులకు వెళ్లివచ్చి, ఒక సహోదరికి ఇన్‌లాండు లెటరు రాశాను. జవాబు రాకముందే వారంలో మరి రెండు రాశాను. సంబంధం తప్పిపోయింది. ఆమె బంధువు ఒకరు చాలాకాలానికి చెప్పారు: "మొదటి ఉత్తరం ఆమెకు నచ్చింది. మూడోది చూసి భయపడింది." ఆ మాట నేను మరచిపోలేదు.

అందుకే ఆ అబ్బాయితో అన్నాను: "నాయనా, దేవుడు నీకు చెప్పాడని నువ్వు రాస్తే, కాదనాలంటే ఆమె దేవునికే ఎదురు చెప్పినట్టవుతుంది. అమ్మ మాట రాస్తే, మీ ఇంటిల్లిపాదినీ బాధపెట్టినట్టవుతుంది. ఇక ఆమె తన మనసు ఎలా చెబుతుంది?"

ఆదికాండము 24వ అధ్యాయం తీశాం. అబ్రాహాము దాసుడు బావి దగ్గర ప్రార్థించాడు, గురుతు పొందాడు, ఆ సంగతంతా రిబ్కా ఇంటివారికి చెప్పాడు. అయినా 49వ వచనంలో, మీకు ఇష్టమైతే చెప్పండి, కాకపోయినా చెప్పండి, నా దారి నేను చూసుకుంటాను అన్న భావంతో వారిని అడిగాడు. ఆమె రాకపోతే ప్రమాణం నీమీద ఉండదని అబ్రాహాము కూడా ముందే చెప్పి పంపాడు. అంత స్పష్టమైన గురుతు దొరికినవాడే కాదనడానికి తలుపు తెరచి ఉంచాడు.

ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం:

"వందనాలండి. నిన్న మీరూ అక్కగారూ తీరిక చేసుకొని వచ్చినందుకు కృతజ్ఞతలు. నైట్ డ్యూటీలో ఒక ముసలమ్మ చేయి పట్టుకొని తెల్లవార్లూ కూర్చున్నానని మీరు చెప్పింది నాకు గుర్తుండిపోయింది. మీతో మాట్లాడడం సంతోషంగా ఉంది. మీకూ ఇష్టమైతే పెద్దలకు చెప్పి మరోసారి కలుద్దాం. తొందరేమీ లేదు. వద్దనుకున్నా ఆ మాటే చెప్పండి, తప్పుగా అనుకోను."

అతడు మొదట చివర "నేనేమీ అనుకోను" అని రాశాడు. "అది అబద్ధం కాదా? దిగులు పడతావు కదా!" అన్నాను. నవ్వి మార్చాడు. ముసలమ్మ మాట మాత్రం అతడే తెచ్చాడు. అందమైనవారు, మంచివారు అని ఎవరికైనా రాయవచ్చు. ఆమె చెప్పినదాన్ని శ్రద్ధగా విన్నవాడే ఆ ఒక్క వాక్యం రాయగలడు. ఇష్టం తెలిసేది అక్కడే. కలుద్దాం అన్న మాట కూడా ఉండాలి. అది లేకపోతే మర్యాదకు రాశాడేమో అనుకుంటుంది.

ఎప్పుడు పంపాలి? ఆమె రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోతుంది. అందుకని సాయంత్రం ఐదింటికి పంపమన్నాను. "చదివినట్టు నీలం గీతలు కనబడితే?" అన్నాడు. "చదివిందని అర్థం, అంతే. ఎందుకు పలకలేదని అడగవద్దు. రెండోది పంపవద్దు. వారం దాటితే పెద్దల ద్వారా ఒక్కసారి కనుక్కుందాం. అప్పటికీ మౌనమే అయితే, అదే జవాబు" అన్నాను.

మంగళవారం, బుధవారం అతని ముఖం చూడలేకపోయాను. గురువారం జవాబు వచ్చింది. "ముసలమ్మ సంగతి మీకు గుర్తున్నందుకు సంతోషం. ఆలోచించుకోవడానికి నాకు నెల రోజులు కావాలి" అని రాసింది. అతడు వెంటనే పొడుగ్గా రాయబోయాడు. చివరకు "అలాగేనండి, తప్పకుండా" అని మాత్రం పంపాడు.

నేను ఇది రాసేనాటికి ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. ఏమవుతుందో మాకు తెలియదు. రిబ్కాను ఆమె ఇంటివారు పిలిచి, ఈ మనుష్యునితో వెళ్తావా అని అడిగారు. వెళ్తానన్న మాట ఆమె నోటనే వచ్చింది. మన సంఘాల్లోని ఆడపిల్లలకు, ఔననడానికైనా కాదనడానికైనా, ఆపాటి వ్యవధి మనం ఇద్దాం. ప్రభువు ఆ ఇద్దరినీ నడిపించును గాక. ఆమేన్.