దర్ఖాస్త్ కాదు, ఇత్తెలా

మన ఇళ్లలో ఉద్యోగం చేసే పిల్లలకు సెలవు మెయిల్ రాయడం వచ్చు. డ్యూటీ చేయనని రాయడం మాత్రం రాదు. సెలవు అడగడం దర్ఖాస్త్. చేయలేనని తెలియజేయడం ఇత్తెలా. ఆ తేడా తెలియకపోతే ఎంత మంచి ఇంగ్లీషు రాసినా మెయిల్ నిలబడదు. డిసెంబర్‌లో మా చెల్లెలి నికాహ్ అప్పుడు నేను రాసిన మెయిల్ సంగతి చెప్తాను. అది చూసి మా ఖాందాన్ పిల్లలు ముగ్గురు నలుగురు కాపీ అడిగారు.

మంగ్నీ అయినప్పుడే తారీఖులు ఖాయమయ్యాయి. డిసెంబర్ 13 శనివారం మాంఝా, 14 ఆదివారం అసర్ తర్వాత నికాహ్, సోమవారం దూల్హా వాళ్ల వలీమా. బోయిన్‌పల్లిలో షాదీఖానాకు అడ్వాన్స్ కట్టాం. గుంటూరు నుంచి ఖాలా వాళ్లు పదకొండు మంది గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌కు రెండు నెలల ముందే టికెట్లు తీసుకున్నారు. అబ్బా ఇంతెఖాల్ అయి ఆరేళ్లు. దాదా కూడా లేరు. కాబట్టి చెల్లెలి వలీ నేనే, వకీల్‌ను కూడా నేనే. ఇద్దరు గవాలను వెంటబెట్టుకుని జనానాలోకి వెళ్లి, దూల్హా పేరు, మెహర్ రకం చెప్పి, ఆమె ఇజాజత్ తీసుకోవాలి. తిరిగొచ్చి ఖాజీ సాబ్‌కు చెప్పాలి, సియాహాలో దస్తఖత్ పెట్టాలి. ఆదివారం ఖాజీ సాబ్‌కు మూడు నాలుగు నికాహ్‌లు ఉంటాయి. మనకిచ్చిన టైం దాటితే ఆయన ఆగరు.

నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, సికింద్రాబాద్ నుంచి రోజూ ఎంఎంటీఎస్‌లో వెళ్తాను. సెప్టెంబర్ 8న శుక్రవారానికి, సోమవారానికి సెలవు పెట్టాను. శని, ఆది ఎలాగూ వీక్లీ ఆఫ్. సిస్టంలో ఆ రోజులకు సెలవు పెట్టబోతే తీసుకోదు. అందుకే అదే రోజు మేనేజర్‌కు విడిగా ఒక మెయిల్ కొట్టాను: 12 నుంచి 15 దాకా నాలుగు రోజులూ ఉండను, ఇంట్లో పెళ్లి అని. ఆయన చూసి సరే అన్నారు. ఆ రెండు లైన్లే తర్వాత నన్ను కాపాడాయి.

డిసెంబర్ 9, మంగళవారం సాయంత్రం. రిలీజ్ వారం ముందుకు జరిగిందని, శని ఆది టీమంతా డ్యూటీలో ఉండాలని మెసేజ్. ఫోన్ చేసి గుర్తుచేస్తే మేనేజర్ అన్న మాట: ‘నీకు సెలవు శుక్ర, సోమవారాలకే కదా, శని ఆది నువ్వు పెట్టలేదుగా!’

ఇంట్లో తలా ఒక సలహా ఇచ్చారు. బుఖార్ అని రాయమన్నాడు మా ఖాలాజాద్ భాయ్. ఝూట్ సంగతి పక్కన పెట్టినా, ఆదివారం రాత్రికల్లా అతని స్టేటస్‌లోనే నా షేర్వానీ ఫోటో వస్తుంది. రాజీనామా ఇస్తానని బెదిరించమన్నారు ఇంకొకరు. ఇవ్వాలనే ఇరాదా లేనప్పుడు ఆ మాట ఎత్తకూడదు. ఎత్తితే విషయం రెండు రోజుల డ్యూటీ కాకుండా మన నౌకరీ అయిపోతుంది. కానూన్ రాయమన్నారు మామూ. 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టంలో వారపు సెలవు ఉంది, కానీ ఐటీ వాళ్లకు సర్కారు కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపులిచ్చింది. మొదటి మెయిల్‌లోనే సెక్షన్లు రాస్తే అది మేనేజర్ చేయి దాటి హెచ్ఆర్‌కు పోతుంది. అక్కడ జవాబు వచ్చేసరికి వలీమా కూడా అయిపోతుంది.

ఆ రాత్రి ఇషా తర్వాత రాశాను. ఇంగ్లీషులో రాసిందే, ఇక్కడ తెలుగులో పెడుతున్నా. సబ్జెక్టులోనే విషయం చెప్పాను: ‘డిసెంబర్ 13, 14 తేదీల్లో నేను డ్యూటీలో ఉండను’.

‘సార్, ఈ శని, ఆదివారాల్లో నేను డ్యూటీ చేయలేను. ఆదివారం మా చెల్లెలి నికాహ్. మా నాన్నగారు లేరు కాబట్టి అమ్మాయి తరఫు పెద్దగా నేనే నిలబడాలి. 12 నుంచి 15 దాకా ఉండనని సెప్టెంబర్ 8న మీకు రాశాను, ఆ మెయిల్ కింద ఉంది. నా భాగం పని గురువారం సాయంత్రం ఆరింటికల్లా పూర్తవుతుంది. రిలీజ్ రాత్రి ఏమేం చూడాలో, తేడా వస్తే పాత వెర్షన్‌కు ఎలా వెళ్లాలో రాసి టీమ్ ఫోల్డర్‌లో పెడతాను. నా చోట చూడటానికి పక్క సీటు సహోద్యోగి ఒప్పుకున్నారు, బుధవారం ఆయనకు గంటసేపు చూపిస్తాను. ఆ నాలుగు రోజులు ఫోన్, ల్యాప్‌టాప్ అందుబాటులో ఉండవు. మంగళవారం 16న డ్యూటీకి వస్తాను. తర్వాత వచ్చే వీకెండ్ డ్యూటీ నాకు వేయండి.’

ఇందులో మాఫీ లేదు, చూడండి. ‘దయచేసి అనుమతించగలరు’ కూడా లేదు. అడిగితే ఎదుటివాళ్లకు కాదనే హక్కు వస్తుంది. జనానాలో చెల్లెలిని ఇజాజత్ అడుగుతాం, ఎందుకంటే ఆమె కాదంటే నికాహ్ ఆగాల్సిందే. ఆఫీసు కాదంటే నేను ఆగేది లేదు, అలాంటప్పుడు అడగడమెందుకు? షాదీఖానా అడ్వాన్స్, ఖాలా వాళ్ల టికెట్లు కూడా రాయలేదు. డబ్బు సంగతి రాస్తే ‘ఆ ఖర్చు మేం చూసుకుంటాం’ అనొచ్చు. వలీగా నేనే నిలబడాలి, ఆ ఒక్క కారణం చాలు.

అన్నిటికన్నా ఖతర్నాక్ మాట ‘ఫోన్‌లో అందుబాటులో ఉంటాను’. మర్యాదగా ఉంటుందని అందరూ రాస్తారు. దాని మతలబ్ ఏమిటంటే, ఖుత్బా చదువుతుండగా జేబులో ఫోన్ మోగడం, భోజనాల టైంలో దూల్హన్ గదిలో మూల కూర్చుని ల్యాప్‌టాప్ తెరవడం.

బుధవారం ఉదయం జవాబు వచ్చింది: ‘నికాహ్ ఆదివారం కదా, కనీసం శనివారం మధ్యాహ్నం దాకా?’ ఇక్కడే చాలామంది జారిపోతారు. మాంఝా ఉంది, స్టేషన్‌కు వెళ్లాలి, వంటవాళ్లు వస్తారు అని కొత్త కారణాలు చెప్తారు. ప్రతి కారణానికీ ఎదుటివాళ్ల దగ్గర ఒక ఉపాయం ఉంటుంది, స్టేషన్‌కు క్యాబ్ పంపుతామంటారు. నా రెండో మెయిల్ మొదటిదానికన్నా చిన్నది: ‘శనివారం కూడా వీలుకాదు సార్. ఈ రోజు మూడింటికి సహోద్యోగికి చూపిస్తున్నాను, మీరూ రండి.’ ఆయన ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడారు. నేను అదే మాట మళ్లీ చెప్పాను. ఫోన్ పెట్టేశాక, మాట్లాడిందంతా రెండు లైన్లలో మెయిల్ చేశాను. ఫోన్ మాటకు తర్వాత గవా ఉండడు.

ఈ మెయిల్ అందరికీ పనిచేయదు. ఆన్‌కాల్ అలవెన్సు తీసుకుని ఆ వారం రోస్టర్‌లో పేరు ఒప్పుకున్నవాళ్లు ముందు ఇంకొకరిని చూసుకుని, పేరు మార్పించాకే రాయాలి. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు ప్రమాదం ఎక్కువ. ముందుగా ఏదీ రాసి పెట్టకపోతే నాది కూడా దర్ఖాస్తే అయ్యేది.

సాయంత్రం నాలుగున్నరకు జవాబు వచ్చింది, ఒకటే మాట: నోటెడ్. అమ్మీకి చూపిస్తే, ‘ఖుషీగా అన్నాడా, ఖఫా అయ్యాడా?’ అంది. ఆ మాటలో రెండూ తెలియవు. గురువారం ఆరింటికి ఫోల్డర్‌లో అన్నీ పెట్టి, ఎంఎంటీఎస్ ఎక్కి ఇంటికొచ్చేశాను.

నా చోట నిలబడ్డ సహోద్యోగిది భీమవరం దగ్గర ఊరు. సంక్రాంతికి ముందే వెళ్లాలని టికెట్ తీసుకుని ఉన్నాడు. జనవరి 10, 11 తేదీల్లో అతని పేరు పడితే దాన్ని నేను మార్పించుకున్నాను. ఆ రెండు రోజులూ ఆఫీసులో నేను, సెక్యూరిటీ అన్న, ఇంకో ఇద్దరు. ఆదివారం మధ్యాహ్నం చెల్లెలు, బెహనోయి టిఫిన్ డబ్బాలో బగారా ఖానా, దాల్చా తెచ్చి గేటు దగ్గర ఇచ్చి వెళ్లారు.